టెన్నిస్ ఎల్బో: టైపింగ్ మానలేను, బ్యాగులు మోయక తప్పదు. ఎన్నాళ్లకు తగ్గుతుంది? (బెంగళూరు)

సుజాత_కేఆర్‌పురం

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డాక్యుమెంటేషన్ రాస్తాను. అంటే రోజంతా టైపింగే. కొన్ని నెలలుగా కుడి మోచేయి బయటివైపు నొప్పి. మొదట్లో సాయంత్రాలు మాత్రమే ఉండేది. ఇప్పుడు పొద్దున టీ గిన్నెను పట్టకారుతో దించబోతే చెయ్యి వదిలేస్తోంది, గిన్నె జారిపోతుందేమోనని భయం. తాళం తిప్పడం, తడి బట్టలు పిండటం, ఎవరితోనైనా చేయి కలపడం, అన్నీ కష్టమే.

ఎముకల డాక్టరు గారు చూసి టెన్నిస్ ఎల్బో అన్నారు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. మాత్రలు, జెల్ ఇచ్చి చేతికి విశ్రాంతి ఇవ్వమన్నారు. సెలవు పెట్టి ఇంట్లో ఉన్నప్పుడు హాయిగా ఉంది. ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టగానే మళ్లీ మొదటికొచ్చింది. టైపింగ్ మానేస్తే ఉద్యోగం ఉండదు. మంచి కీబోర్డు కొంటే తగ్గుతుందా? అసలు ఇది పూర్తిగా పోవడానికి ఎంతకాలం పడుతుంది?

రమణ_మారతహళ్లి

సుజాత గారూ, ఇది నూటికి నూరుపాళ్లు కీబోర్డు సమస్యే. మధ్యలో రెండుగా విడిపోయే కీబోర్డు, నిలువుగా పట్టుకునే మౌస్ కొనండి. నాకు మణికట్టు నొప్పి ఉండేది, ఈ రెండూ మార్చాక పోయింది. దాంతోపాటు ఒక నెల చేతిని పట్టీలో వేలాడదీసి అస్సలు కదపకండి. నరం గానీ కండరం గానీ అతుక్కోవాలంటే కదలకుండా ఉండాలి కదా.

పద్మ_హోసూరురోడ్

అమ్మాయ్, నాకూ అచ్చం ఇలాగే. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి నిద్ర లేచేదాన్ని, చెయ్యి విదిలిస్తే తగ్గేది. డాక్టరు మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందని చెప్పి రాత్రి వేసుకోవడానికి కట్టు ఇచ్చారు. నువ్వూ అది వేసుకో, విటమిన్ డి కూడా చూపించుకో.

ఫిజియో_జయనగర్

నేను ఫిజియోథెరపిస్టుని. మోచేయి, భుజం కేసులే ఎక్కువ చూస్తాను. పద్మ గారూ, మీది వేరే జబ్బు. మీకు నొక్కుకున్నది మణికట్టు లోపలి నరం, అందుకే వేళ్లు తిమ్మిరెక్కాయి. సుజాత గారు తిమ్మిరి ఉందని ఎక్కడా రాయలేదు. ఆవిడకు మీ కట్టు పనికిరాదు.

సుజాత గారూ, సలహా చెప్పేముందు నాలుగు విషయాలు తెలియాలి. మోచేతి బయటివైపు పొడుచుకొచ్చిన ఎముక మీద, లేదా దానికి కాస్త ముందువైపు వేలితో నొక్కితే నొప్పి అక్కడే ఉందా, లేక నాలుగైదు వేళ్ల వెడల్పు కిందకు ఉందా? చెయ్యి చాచి, అరచేయి కిందికి ఉంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ వీపును పట్టుకుని ఎత్తండి. తర్వాత అరచేయి పైకి తిప్పి అదే బరువును ఎత్తండి. రెండింటిలో తేడా ఉందా? మెడ తిప్పితే చేతిలోకి నొప్పి పాకుతుందా? ఆఖరిది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది: రోజూ చేతితో ఏమేం మోస్తారు? బరువు తూచి చెప్పండి. సామాన్లు తూచే వేలాడే తూకం ఉంటే దాంతో, లేకపోతే బాత్రూం తూకం మీద బ్యాగు పట్టుకుని ఒకసారి, పట్టుకోకుండా ఒకసారి నిలబడితే సరిపోతుంది.

సుజాత_కేఆర్‌పురం

ఎముక మీద, దానికి కాస్త ముందే నొప్పి. అరచేయి కిందికి ఉంచి కుర్చీ ఎత్తబోతే కెవ్వుమన్నాను, అరచేయి పైకి పెడితే అంత లేదు. మెడ బాగానే ఉంది, తిమ్మిరి లేదు.

బరువుల సంగతి తూచాక నాకే ఆశ్చర్యమేసింది. ల్యాప్‌టాప్ బ్యాగు 6.8 కిలోలు. అందులో ల్యాప్‌టాప్, చార్జరు, లీటరు స్టీల్ సీసా నిండా నీళ్లు, రెండు డబ్బాల టిఫిన్ క్యారియర్, గొడుగు ఉంటాయి. మెట్రోలో రద్దీకి వీపున వేసుకోనివ్వరు కాబట్టి పిడి పట్టుకుని చేతిలోనే వేలాడదీస్తాను. స్టేషనులో స్కానరు బెల్టు మీద పెట్టి, అవతలి వైపు నుంచి చెయ్యి చాచి అందుకుంటాను. రానూ పోనూ రెండుసార్లు. సాయంత్రం దిగాక కూరగాయలు కొంటాను, రెండు సన్నటి క్యారీ బ్యాగులు, చెరో మూడు కిలోలు. శనివారం 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తి బోర్లించేది నేనే.

ఒక మాట చెప్పాలి. టైప్ చేస్తున్నప్పుడు నొప్పి పెద్దగా ఉండదు, సలుపుగా ఉంటుందంతే. పదునైన నొప్పి పట్టుకున్నప్పుడే వస్తుంది.

ఫిజియో_జయనగర్

మీ చివరి రెండు వాక్యాల్లోనే అసలు విషయం ఉంది.

ముంజేతి వెనకభాగపు కండరాలు మణికట్టును పైకి ఎత్తడానికి మాత్రమే ఉన్నాయనుకుంటారు చాలామంది. మీరు దేన్నైనా గట్టిగా పట్టుకుంటే వేళ్లను ముడిచే కండరాలు మణికట్టును కూడా లోపలికి లాగేస్తాయి. అలా లాగకుండా వెనకవైపు కండరాలు బిగుసుకుని మణికట్టును నిలబెడతాయి. అంటే ప్రతి పట్టూ ఆ కండరాల పనే. అవన్నీ మోచేతి బయటి ఎముక దగ్గర ఒక చిన్న టెండన్‌తో అతుక్కుని ఉంటాయి. మీ నొప్పి అక్కడిదే. చెయ్యి చాచి, అరచేయి కిందికి పెట్టి పట్టుకుంటే ఆ టెండన్ మీద లాగుడు బాగా పెరుగుతుంది. స్కానరు బెల్టు అవతల నుంచి బ్యాగు అందుకునే భంగిమ సరిగ్గా అదే. పైగా ఏడు కిలోలు, ఒంటి చేత్తో.

క్యారీ బ్యాగు పిడి సన్నగా ఉంటుంది కదా, సన్నటి పిడిని జారకుండా ఉంచాలంటే లావు పిడికంటే గట్టిగా బిగించాలి. పట్టకారు సంగతి చెప్పనక్కర్లేదు. వేడి గిన్నె జారకూడదన్న భయంతో మనం అవసరానికి మించి నొక్కుతాం.

టైపింగ్ మాత్రం పూర్తిగా నిర్దోషి అనను. మణికట్టును పైకి వంచి గంటల తరబడి అలాగే ఉంచితే అదే కండరం తక్కువ బలంతో, విరామం లేకుండా పనిచేస్తూ ఉంటుంది. పగలంతా అలా అలసిపోయిన కండరానికి సాయంత్రం మీరు ఒక్కసారిగా పెద్ద బరువు తగిలిస్తున్నారు. మీ కేసులో రెండూ కలిశాయి. రెండింటిలో ముందు తగ్గించాల్సింది బరువు, ఎందుకంటే నొప్పి పుట్టిస్తున్నది అదే, మార్చడం తేలికైనదీ అదే.

రమణ గారు చెప్పిన నెల రోజుల పట్టీ మాత్రం వేసుకోకండి. టెండన్‌కి పనే లేకపోతే నొప్పి తగ్గుతుంది నిజమే, దాంతోపాటు కండరం బలమూ పడిపోతుంది. తిరిగి ఆఫీసుకు వచ్చిన రోజు అదే ఏడు కిలోలు ఇంకా బలహీనమైన చేతికి తగులుతాయి. సెలవులో హాయిగా ఉండి, రాగానే తిరగబెట్టిందని మీరే రాశారు.

రమణ_మారతహళ్లి

మరి నాకు కీబోర్డు మార్చాకే కదా తగ్గింది? డాక్టరు కూడా విశ్రాంతి అనే చెప్పారు కదండీ.

ఫిజియో_జయనగర్

మీది మణికట్టు నొప్పి, మీకు అది పనిచేసి ఉండొచ్చు. విశ్రాంతి అన్న మాట కూడా తప్పు కాదు. బాగా మంటగా ఉన్న మొదటి వారం పది రోజులు నొప్పి పుట్టించే పనులు తగ్గించాల్సిందే. అక్కడే ఆగిపోతేనే చిక్కు.

కీబోర్డు విషయంలో పైసా ఖర్చు లేని పనులు ముందు చేయండి. కీబోర్డు వెనక ఎత్తుకోసం రెండు చిన్న కాళ్లుంటాయి, వాటిని మడిచేయండి. అవి లేపి ఉంచితే మణికట్టు పైకి వంగుతుంది. మౌస్‌ను కీబోర్డు పక్కకు ఆనించి పెట్టండి, చెయ్యి చాచి అందుకోకూడదు. ముంజేయి బల్ల మీద ఆనాలి. చాలామంది మౌస్‌ను వాడనప్పుడు కూడా వదలరు, చూపుడువేలు క్లిక్ మీద లేపి ఉంచుకుంటారు. వదిలేయండి. అరగంటకోసారి చేతులు ఒళ్లో పెట్టుకుంటే చాలు. ఇవన్నీ చేశాక కూడా సలుపు ఉంటే అప్పుడు కొత్త మౌస్ గురించి ఆలోచిద్దాం.

హైమావతి_బనశంకరి

సుజాతా, నేను వంటింటి మనిషిని, వైద్యం తెలియదు. ఇదే నొప్పి నాకు వచ్చినప్పుడు మార్చుకున్నవి చెబుతాను. పట్టకారు మానేసి, రెండు చెవులున్న గిన్నెలో టీ పెట్టి మందపాటి గుడ్డతో రెండు చేతులా దించు. బట్టలు పిండకు, నీళ్లు కారేలా అలాగే ఆరేయి. చపాతీ పిండి ఎవరితోనైనా కలిపించు. నీళ్ల క్యాన్‌కి మూతి మీద బిగించి నొక్కే పంపు దొరుకుతుంది, ఛార్జింగ్‌దీ ఉంది, బోర్లించే పనే ఉండదు. కూరగాయలకు చక్రాల సంచీ కొనుక్కో. అదెందుకని సిగ్గుపడితే గుడ్డ సంచీ భుజానికి తగిలించు, వేళ్లకు తగిలించకు.

ఫిజియో_జయనగర్

హైమావతి గారూ, మీరు చెప్పింది నేను పేషెంట్లకు ఇచ్చే కాగితంలో చేర్చుకుంటాను. ఒకటి కలుపుతాను. ఏదైనా ఎత్తక తప్పకపోతే మోచేయి వంచి, ఒంటికి దగ్గరగా, అరచేయి పైకి ఉండేలా ఎత్తండి. అప్పుడు పని ఎక్కువగా చేతి ముందుభాగపు కండరం మీదకు వెళుతుంది. ల్యాప్‌టాప్ బ్యాగుకు రెండు భుజాల పట్టీలుంటే మెట్రోలో ముందువైపు ఛాతీకి వేసుకోండి, రద్దీలో ఎవరూ ఏమీ అనరు. స్కానరు దగ్గర పిడి పట్టుకుని లాగకుండా రెండు చేతులతో అడుగున పట్టి దగ్గరకు తీసుకోండి. నీళ్లు ఆఫీసులో నింపుకుంటే ఒక కిలో అక్కడే తగ్గింది. ఛార్జరు ఇంకొకటి ఆఫీసులో పెట్టేయండి.

ఇక బలం పెంచే పని. ముంజేయి బల్ల మీద, అరచేయి కిందికి, మణికట్టు బల్ల అంచు దాటి ఉండాలి. అర లీటరు నీళ్ల సీసా పట్టుకుని మణికట్టును తిన్నగా, కదలకుండా నిలపండి. 30 నుంచి 45 సెకన్లు. నిమిషం ఆగి మళ్లీ, మొత్తం నాలుగైదు సార్లు, రోజూ. నొప్పి పదిలో మూడు దాటకూడదు. దాటితే సీసాలో నీళ్లు తగ్గించండి. రెండు వారాలకు ఇది తేలికనిపిస్తే కదలిక మొదలుపెడదాం. మూడు సెకన్లలో పైకి, నాలుగు సెకన్లలో కిందికి, పది నుంచి పదిహేను సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. బరువు సీసాలో నీళ్లతోనే పావు కిలో చొప్పున పెంచుకోవచ్చు.

లెక్క ఒక్కటి గుర్తుంచుకోండి. వ్యాయామం చేస్తుండగా కొంచెం నొప్పి ఉన్నా ఫరవాలేదు, మర్నాడు పొద్దున లేచేసరికి మామూలు స్థాయికి రావాలి. రాకపోతే నిన్నటి మొత్తం ఎక్కువైంది. మొత్తం అంటే వ్యాయామం ఒక్కటే కాదు, ఆ రోజు బ్యాగు, వంట, మౌస్ అన్నీ కలిపి.

వెంకట్_షటిల్

నాది బ్యాడ్మింటన్ మోచేయి. ఒక డాక్టరు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశారు. అబ్బా, వారంలో నొప్పి మాయం. హాయిగా ఆడుకున్నాను. కొన్ని నెలలకు ముందుకంటే ఘోరంగా వచ్చింది. సుజాత గారూ, వద్దంటే వద్దు.

ఫిజియో_జయనగర్

వెంకట్ గారి అనుభవం అరుదైనది కాదు. 2013లో ఆస్ట్రేలియాలో చేసిన ఒక పరిశోధన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. స్టెరాయిడ్ సూది వేసుకున్నవాళ్లకు మొదటి కొన్ని వారాల్లో బాగుంది. ఏడాదిలో వాళ్లలో సగానికి పైగా మందికి తిరగబెట్టింది. మందు లేని సూది వేసుకున్నవాళ్లలో ఎనిమిదో వంతుకే తిరగబెట్టింది. నొప్పి పోగానే మనిషి పూర్తిస్థాయి పనిలోకి దిగిపోవడం ఒక కారణమై ఉండొచ్చు. అలాగని సూది వేసిన ప్రతి డాక్టరూ తప్పు చేశారని కాదు, పసిబిడ్డను ఎత్తుకోలేని తల్లికి ఆ కొద్ది వారాలే కావాలి. సుజాత గారికి ఇప్పుడు ఆ అవసరం లేదు.

మీ కాలం ప్రశ్నకు జవాబు. టెండన్ మెల్లగా మారుతుంది. బరువు సరిచేసి వ్యాయామం చేస్తే తేడా తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు. పూర్తిగా మరిచిపోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది. ఎక్కువ మందికి ఏడాదిలోపు ఏ సూదీ లేకుండానే తగ్గుతుంది. షుగరు ఉన్నవాళ్లకు, పొగతాగేవాళ్లకు ఆలస్యం కావచ్చు.

సుజాత_కేఆర్‌పురం

ఏడాదా! సరే. రోజూ నొప్పి చూసుకుంటే అయోమయంగా ఉంది. ఒకరోజు తగ్గినట్టు, ఒకరోజు పెరిగినట్టు. బాగవుతోందని ఎలా తెలుస్తుంది? మోచేతి కింద కట్టుకునే బెల్టు ఒకటి మందుల షాపులో చూశాను, కొనాలా?

ఫిజియో_జయనగర్

మీ ఇంట్లో చేత్తో గాలి కొట్టే పాతరకం బీపీ మిషను ఉందా? డిజిటల్ పనికిరాదు. పట్టీని గట్టిగా చుట్టలా చుట్టి, 20 వచ్చేదాకా గాలి కొట్టండి. చెయ్యి చాచి, అరచేయి కిందికి పెట్టి, చుట్టను మెల్లగా పిసకండి. నొప్పి మొదలైన క్షణంలో ముల్లు ఎక్కడుందో రాసుకోండి. ఆగిపోండి, నొప్పి దాటి పిసకొద్దు. ఎడమచేత్తోనూ చేసి పోల్చుకోండి. వారానికి ఒకసారే, ఒకే రోజు, ఒకే వేళకు. ఆ అంకె పెరుగుతుంటే రోజువారీ నొప్పి ఎలా ఉన్నా దారి సరైనదే.

బెల్టు మోయక తప్పని వేళ వాడండి, ఎముక మీద కాదు, దానికి రెండు మూడు వేళ్లు కిందుగా, కండరం మీద. చెయ్యి మొద్దుబారితే వదులు చేయండి. నా పేషెంట్లలో కొందరికి వెంటనే హాయిగా ఉంటుంది, కొందరికి ఏ తేడా ఉండదు. పెట్టుకుని కుర్చీ ఎత్తి చూడండి, నొప్పి తగ్గితే కొనండి.

సుజాత_కేఆర్‌పురం (రెండు నెలల తర్వాత)

చెప్పడానికి వచ్చాను. నాన్న పాత బీపీ మిషనుతోనే కొలుస్తున్నాను. మొదటిసారి కుడిచేత్తో 60 దగ్గరే నొప్పి, ఎడమచేత్తో 210 దాకా ఏమీ లేదు. బ్యాగు ఇప్పుడు 3.9 కిలోలు, ఛాతీకి వేసుకుంటున్నాను. నీళ్ల క్యాన్‌కి పంపు వచ్చింది. అర లీటరు సీసా నుంచి లీటరు దాకా వచ్చాను. కుడిచేత్తో 130 వచ్చింది.

అంతలో పండక్కి ఊరెళ్లాం. రైల్వేస్టేషన్‌లో చక్రం విరిగిన సూట్‌కేసు మెట్లెక్కించాను, బెర్తు కిందకు నెట్టాను. మర్నాడు చెయ్యి అస్సలు వంచనివ్వలేదు. కొలిస్తే 80. ఇన్నాళ్ల కష్టం పోయిందా?

ఫిజియో_జయనగర్

పోలేదు. టెండన్ తెగితే ఒక్కసారిగా చప్పుడులాంటిది, కమిలిన నీలం, చేతి బలం పోవడం ఉంటాయి. మీరు అవేవీ రాయలేదు. ఇది రేగింది, అంతే. నాలుగైదు రోజులు కదలిక వ్యాయామం ఆపి, నిలిపి ఉంచే వ్యాయామానికి అర లీటరుతో వెనక్కి వెళ్లండి. పదిలో మూడులోపు ఉండాలి. అంకె మళ్లీ 110 దాటాక కదలిక మొదలుపెట్టండి. వారం పది రోజుల్లో మునుపటి చోటికి రాకపోతే వచ్చి చూపించుకోండి.

కొత్తగా వేళ్లు పైకెత్తలేకపోవడం, తిమ్మిరి, మోచేయి వాచి వేడిగా ఉండటం, మధ్యలో ఇరుక్కుపోయినట్టు అనిపించడం, వీటిలో ఏది వచ్చినా ఆగకుండా డాక్టరు దగ్గరకు వెళ్లండి. అవి ఈ జబ్బు లక్షణాలు కావు.

కిరణ్_ఎలక్ట్రానిక్‌సిటీ

మా ఆఫీసులో ఒకాయన సొంత రక్తంలోంచి తీసిన పీఆర్‌పీ సూది వేయించుకున్నాడు, చాలా డబ్బు పోసి. అద్భుతం అంటున్నాడు. దాని సంగతేమిటి?

ఫిజియో_జయనగర్

2021లో కోక్రేన్ సమీక్ష చాలా పరిశోధనలను కలిపి చూసి, మందు లేని సూదితో పోలిస్తే చెప్పుకోదగ్గ లాభం బహుశా లేదని తేల్చింది. నేనైతే ముందు డబ్బు పెట్టమని చెప్పను.

వెంకట్_షటిల్

నేను ఒప్పుకోను. స్టెరాయిడ్ దెబ్బతిన్నాక పీఆర్‌పీ వేయించుకున్నాకే నాకు తగ్గింది. సమీక్షలు నా మోచేతికి తెలియవు కదా.

ఫిజియో_జయనగర్

మీకు తగ్గడం నిజం. సూది వల్లా, ఆ తర్వాత మీరు చాలా వారాలు ఆట ఆపి వ్యాయామం చేయడం వల్లా, ఏడాది గడవడం వల్లా అన్నది మీ ఒక్క మోచేతి నుంచి తేల్చలేం. నేనూ తేల్చను, మీరూ తేల్చలేరు.

సుజాత_కేఆర్‌పురం

చెప్పినట్టే చేశాను, 135కి వచ్చింది. పట్టకారు మాత్రం ఇంకా ముట్టుకోవట్లేదు, హైమావతి గారి రెండు చెవుల గిన్నెతోనే నడుస్తోంది. ఇప్పుడు మా వారు అడుగుతున్నారు, బ్యాగులో నీళ్ల సీసా మళ్లీ పెట్టుకోవచ్చా అని.

ఫిజియో_జయనగర్

కుడిచేతి అంకె ఎడమచేతిలో ముప్పాతిక వంతుకు రానివ్వండి. అంటే మీకు దాదాపు 160. అప్పుడు సీసా సగం నింపి వారం మోయండి. మర్నాడు పొద్దున ఎలా ఉందో చూసి నిండుగా నింపండి. సూట్‌కేసు మాత్రం ఇంకొన్ని నెలలు మీ వారి చేతికే ఇవ్వండి.